తోడల్లుడి కథనంలో ఖాళీ గడి

పత్రికాఫీసులో అతన్ని అందరూ కత్తెర అనేవాళ్ళు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు. రానురాను ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. అతనూ పలకడం మొదలుపెట్టాడు. విలేఖరులు రాసుకొచ్చింది చదివి, కోసి, కుట్టి, అచ్చుకు పంపడం అతని పని. ప్రూఫులు దిద్దడంతో మొదలై డెస్కులో పెద్ద కుర్చీ దాకా వచ్చాడు గానీ, ఇన్నేళ్ళలో అతని పేరు పేపర్లో పడింది ఒక్కసారే. అదీ మామగారి సంతాప ప్రకటనలో, 'అల్లుళ్ళు' అన్న మాట పక్కన.

ఆ అల్లుళ్ళలో రెండోవాడే అతని కడుపుమంట.

చిన్నల్లుడికి ఈ పత్రికలో ఉద్యోగం ఇప్పించింది ఎవరో కాదు, కత్తెరే. మరదలి పెళ్ళయిన కొత్తలో ఆ కుర్రాడు పనిలేక తిరుగుతుంటే, అత్తగారు "మీరే ఏదో దారి చూపించాలి బాబూ" అంటే, జాలిపడి ఎడిటరు దగ్గరికి తీసుకెళ్ళాడు. పిలిచి పీట వేస్తే పీట కాదు, ఇల్లే తనదన్నట్టు తయారయ్యాడు తోడల్లుడు. రెండేళ్ళలో విలేఖరి. నాలుగేళ్ళలో మొదటి పేజీలో పేరు, పేరు పక్కన గడ్డం గోక్కుంటున్న ఫోటో. వీధిలో జనం గుర్తుపట్టి పలకరించేవాళ్ళు. ఆ వార్తల్లో వాక్యాలు నిలబెట్టింది ఎవరో, తప్పులు తీసింది ఎవరో జనానికేం తెలుసు?

అత్తగారైతే చిన్నల్లుడి వార్తల్ని కత్తిరించి ఒక పెద్ద పుస్తకంలో అంటించేది. వచ్చినవాళ్ళందరికీ చూపించేది. ఒకసారి కత్తెర ఉండబట్టలేక, "అత్తయ్యగారూ, ఇందులో సగం నేను తిరగరాసినవే" అన్నాడు.

"అవునా బాబూ? మరి పేరు వేయించుకోకపోయారా?" అంది ఆవిడ అమాయకంగా. భార్య వంటింట్లోంచి నవ్వింది. ఆ నవ్వు అతనికి వారం రోజులు అరగలేదు.

అలాంటి రోజుల్లో ఆ లిఫ్టుల కథనం వచ్చింది.

ఊళ్ళో ఒక వ్యాపార భవనంలో లిఫ్టు తెగి కిందపడి, కుట్టుపనికి వెళ్ళే ఒకావిడ కాలు విరిగింది. అంతకు కొద్దివారాల ముందే ఆ లిఫ్టు భేషుగ్గా ఉందని తనిఖీ శాఖ ధ్రువపత్రం ఇచ్చింది. తోడల్లుడు ఆ తీగ పట్టుకుని డొంకంతా లాగాడు. అర్జీలు పెట్టి ధ్రువపత్రాల నకళ్ళు సంపాదించాడు. శాఖ జీపు ఏ రోజు ఎక్కడికి వెళ్ళిందో రాసే పుస్తకం నకలు తెచ్చాడు. జీపు గేటు దాటని రోజున, ఊరికి ఆ చివరా ఈ చివరా ఉన్న భవనాల్లో ఒకే అధికారి లిఫ్టులు పరీక్షించినట్టు సంతకాలున్నాయి. లిఫ్టులు మరమ్మతు చేసే కంపెనీ గుమాస్తాలే ఆ ఫారాలు నింపుతున్నారని ఇద్దరు పాత ఉద్యోగులు రాతపూర్వకంగా చెప్పారు. భవనాల్లో ఉండేవాళ్ళు పెట్టిన ఫిర్యాదుల మీద ఆ తనిఖీ శాఖ పెద్దాఫీసరు కార్యాలయం ముద్ర ఉంది. కాగితాలు ఒక అట్టపెట్టె నిండాయి. కథనం రెండు పేజీలకు సరిపడా వచ్చింది.

ఎడిటరు మాట తక్కువ, చూపు ఎక్కువ ఉన్న మనిషి. ఆవిడ ఆ పెట్టెను కత్తెర బల్ల మీద పెట్టించింది.

"దీన్ని మీరే చూడాలి."

"మా తోడల్లుడిదండీ. బావుండదేమో. వేరేవాళ్ళకివ్వండి."

"మీ ఇద్దరికీ పడదని ఆఫీసంతా తెలుసు. అందుకే మీకిస్తున్నాను. ప్రేమగా చదివేవాళ్ళు నాకొద్దు."

కత్తెర పెట్టె ముందేసుకుని కూర్చున్నాడు. మొదటి పేరాలోనే ఒళ్ళు మండింది. తోడల్లుడు ఒక భవనం పన్నెండంతస్తులూ మెట్లెక్కి ఎలా రొప్పాడో వర్ణించుకున్నాడు. 'పడింది ఎవరు, రొప్పింది ఎవరు!' అని గొణుక్కుంటూ ఆ పేరాను నిలువునా కొట్టేశాడు. ఆ కొట్టివేతలో ఉన్న సుఖం ఆకలేసినప్పుడు అన్నంలో కూడా ఉండదు.

కానీ చదివేకొద్దీ సుఖం తగ్గుతూ వచ్చింది. పని బావుంది. నిజంగానే బావుంది. ఆ జీపు పుస్తకాన్ని ధ్రువపత్రాలతో తేదీ తేదీ సరిచూడాలన్న ఆలోచన తనకు వచ్చి ఉండేదా అని ప్రశ్నించుకుని, రాదని తెలిసి, మరింత కుళ్ళుకున్నాడు.

ఇంత పొడుగు కథనాన్ని అతను ఒకే పద్ధతిలో చూసేవాడు. కథనాన్ని వాక్యాలుగా విడగొట్టి, పెద్ద కాగితం మీద మూడు నిలువు గళ్ళు గీసేవాడు. మొదటి గడిలో మనం ఏమంటున్నాం. రెండో గడిలో ఆ మాటకు ఆధారం ఏ కాగితం, ఎన్నో పేజీ, ఆ కాగితం నిజమైనదని మనకెలా తెలుసు. మూడో గడిలో ఆ మాట ఎవరి మీద పడుతుందో వాళ్ళని అడిగామా, ఎప్పుడు ఎలా అడిగాం, ఏమన్నారు. మూడు గళ్ళూ నిండని వాక్యం అచ్చుకు వెళ్ళదు. నిండటమంటే కూడా నిండినట్టు కనిపించడం కాదు. ఆ కాగితం చెప్పేదెంతో మన వాక్యమూ అంతే చెప్పాలి. ఒక్క వీసం ఎక్కువ చెప్పకూడదు.

పెద్దాఫీసరుకు ప్రశ్నలు వెళ్ళాయి. ఏ అక్రమమూ తన దృష్టికి రాలేదని జవాబు వచ్చింది. కంపెనీకి వెళ్ళాయి. ఆరు పేజీల ఉత్తరం వచ్చింది. గళ్ళు ఒక్కొక్కటే నిండుతున్నాయి. కత్తెర మొహం ఒక్కొక్క మెట్టే దిగుతోంది.

అప్పుడు తగిలింది. 'దొంగ సంతకాల మారాజు' అని తోడల్లుడు ఎవరికి పేరు పెట్టాడో, ఎవరి పేరు పేరా విడిచి పేరాలో వస్తోందో, ఆ తనిఖీ అధికారి వరసలో మూడో గడి ఖాళీ. పెట్టె అడుగు దాకా వెతికాడు. ఆయనకు పంపిన ఉత్తరం లేదు, మెయిలు లేదు. 'ఫోన్ ఆఫ్, ఇంటికి తాళం' అని పెన్సిలుతో రాసిన ముక్క ఒకటుంది. అంతే.

ఇంకోటి కూడా దొరికింది. పెద్దాఫీసరు అల్లుడే ఆ కంపెనీలో భాగస్వామి అని రాశాడు. ఆధారం కంపెనీ నమోదు పత్రంలో ఉన్న ఒక పేరు. పేరొక్కటే. ఊళ్ళో ఆ పేరు గలవాళ్ళని పిలిస్తే వీధి నిండిపోతుంది.

కత్తెర కుర్చీలో వెనక్కి వాలాడు. చాలా రోజుల తర్వాత టీ తియ్యగా అనిపించింది.

ఆ ఆదివారం అత్తగారింట్లో భోజనాలు. తోడల్లుడు తన లిఫ్టుల కథ అంతా చెబుతుంటే అత్తగారు నోరు తెరిచి వింటోంది. మరదలు, "బావగారూ, ఈసారి ఈయనకి బహుమతి ఖాయమంటున్నారు ఆఫీసులో, నిజమేనా?" అని అడిగింది.

"చూద్దాం" అన్నాడు కత్తెర కూర కలుపుకుంటూ.

అతని మనసులో అప్పుడొక పాడు ఆలోచన పడగెత్తింది. తను నోరెత్తకపోతే? కథనం అలాగే అచ్చయితే? ఆ అధికారి కోర్టుకెక్కుతాడు. ఒక్కసారైనా నన్ను అడిగారా అంటాడు. అల్లుడు కాని అల్లుడు కూడా వస్తాడు. ఆ ఫోటో, ఆ గడ్డం, అత్తగారి పుస్తకం అన్నీ ఒక్క దెబ్బతో నేలమట్టం. తన చేతికి మట్టి అంటదు. కాళ్ళు కడుక్కుంటున్నప్పుడూ అదే ఆలోచన, ఇంటికి నడుస్తున్నప్పుడూ అదే.

"ఏమండీ, మీలో మీరే నవ్వుకుంటున్నారేంటి?" అని భార్య అడిగితే ఉలిక్కిపడ్డాడు.

మరి ఆ పని ఎందుకు చెయ్యలేకపోయాడంటే, మంచితనం అని చెప్పడానికి లేదు. మర్నాడు మళ్ళీ ఆ కాగితం ముందు కూర్చుంటే, ఆ ఖాళీ గడి పంట్లో ఇరుక్కున్న పీచులా పీకుతూనే ఉంది. కింద తను సంతకం చెయ్యాలి. ఖాళీ గడి కింద సంతకం చెయ్యడం ఇన్నేళ్ళలో అతని చేతికి అలవాటు కాలేదు. పైగా చాటుగా కూల్చితే చూసేవాళ్ళెవరు? పదిమందిలో చెబితేనే కదా మజా!

పదిమంది దొరకలేదు గానీ ఎడిటరు గదిలో ఎడిటరు, పత్రిక లాయరు, తోడల్లుడు ఉన్నారు. కత్తెర ఆ పెద్ద కాగితాన్ని బల్ల మీద పరిచి, తనిఖీ అధికారి వరస మీద వేలు పెట్టాడు.

"ఈయన్ని అడిగావా తమ్ముడూ?"

"రెండుసార్లు ఇంటికెళ్ళాను అన్నయ్యా. తాళం. ఫోను ఆఫ్. ప్రమాదం జరగ్గానే సెలవు పెట్టి మాయమయ్యాడు. దొంగ కాకపోతే ఎందుకు దాక్కుంటాడు?"

"నేనడిగింది దొంగా కాదా అని కాదు. నువ్వు అచ్చులో అనబోయేవన్నీ రాసి, దేనికి జవాబు కావాలో విడివిడిగా అడిగి, ఆయన చేతికి అందేలా పంపావా? ఆఫీసుకి? మెయిలుకి? తలుపు కింద నుంచి?"

తోడల్లుడు ఒక ధ్రువపత్రం నకలు తీసి బల్ల మీద పెట్టాడు.

"సంతకాలైతే ఆయనవేగా!" అన్నాడు.

"కాగితం మీద ఆయన సంతకం ఉంది. దాన్ని ఆయనే పెట్టాడని కాగితం చెప్పట్లేదు. నువ్వు చెబుతున్నావు."

లాయరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నేనూ అదే అందామనుకుంటున్నా" అన్నాడు. కత్తెరకు అదీ నచ్చలేదు. అందామనుకోవడం వేరు, అనడం వేరు.

తర్వాత అల్లుడి పేరు సంగతి బయటపెట్టాడు. తోడల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. ఎడిటరు ప్రచురణ వాయిదా వేసింది. ఆ అధికారికి ప్రశ్నలు మూడు దారుల్లో పంపమంది. చదివి, ఆలోచించి, కాగితాలు వెతుక్కుని జవాబివ్వడానికి చాలినంత గడువు ఇమ్మంది.

"ఈలోపు వేరే పేపరువాళ్ళు వేసేస్తే?" అన్నాడు తోడల్లుడు.

"వేసుకోనీ. తప్పు వాళ్ళ పేరు మీద ఉంటుంది" అంది ఎడిటరు.

బయటికొచ్చాక వరండాలో తోడల్లుడు కత్తెర చెయ్యి పట్టుకుని ఆపాడు. "అన్నయ్యా, ఆదివారం పక్కపక్కనే కూర్చుని తిన్నాంగా. అప్పుడే చెవిలో చెప్పుంటే సరిపోయేదిగా?"

కత్తెర చెయ్యి దులిపేసుకుని వెళ్ళాడు గానీ, ఆ మాట చెప్పులో రాయిలా సాయంత్రం దాకా గుచ్చింది.

ఉత్తరాలు వెళ్ళిన కొన్నాళ్ళకు ఆ అధికారే స్వయంగా వచ్చాడు. చేతికర్ర ఊతంతో మెట్లెక్కాడు. బక్కపల్చని మనిషి, ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. తోడల్లుడు, కత్తెర ఇద్దరూ ఎదురు కూర్చున్నారు.

"ఇవన్నీ నేను చేశానని రాస్తారా?" అన్నాడాయన.

"రాయకముందే అడుగుతున్నామండీ" అన్నాడు తోడల్లుడు, గొంతు సవరించుకుని.

ఆయన సంచిలోంచి కాగితాలు తీశాడు. ఆయన సెలవు పెట్టింది ప్రమాదం జరిగాక కాదు, అంతకు చాలా ముందు. మోకాలి ఆపరేషను. ఆసుపత్రిలో చేరిన తేదీ, వదిలిన తేదీ ఉన్న చీటీ. కుట్టుపని ఆవిడ పడిపోయిన లిఫ్టు ధ్రువపత్రం తేదీ సరిగ్గా ఆ రెండింటి మధ్యనే ఉంది. ఆ తర్వాత కాలు నయమయ్యేదాకా కూతురి ఇంట్లో ఉన్నాడు. అందుకే తాళం. ఇంకో కాగితం తీశాడు. 'నేను వెళ్ళని చోట్ల నా సంతకం కనిపిస్తోంది, విచారించండి' అని ఆయన పెద్దాఫీసరుకు రాసుకున్న ఉత్తరం నకలు. అందినట్టు ముద్ర ఉంది. ఆ తేదీ ఆపరేషను కన్నా ముందుదే.

తోడల్లుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ మొహం చూడటానికి కత్తెర ఎన్నేళ్ళు ఎదురుచూశాడో! తీరా చూశాక తల తిప్పుకున్నాడు. తను ఆదివారం పూట కూర కలుపుకుంటూ నోరు మూసుకుందామనుకున్నది ఈ చేతికర్రాయన విషయంలోనే.

కానీ అతను కత్తెర. "మీరు చెప్పారని మేం నమ్మెయ్యలేం" అన్నాడు కటువుగా. "ఆసుపత్రివాళ్ళని అడగడానికి మీరు అనుమతి రాసివ్వాలి. ఆ ముద్ర నిజమో కాదో శాఖని అడుగుతాం. ఆ ఉత్తరం రాశాక మీరు ఇంకెవరికీ ఎందుకు చెప్పలేదు?"

"భయం" అన్నాడాయన. "ఇంకో రెండేళ్ళ సర్వీసుంది."

"అది కూడా రాస్తాం."

"రాయండి."

ఆసుపత్రి అవునంది. పెద్దాఫీసరుకు మళ్ళీ ప్రశ్నలు వెళ్ళాయి. కొత్త ఆరోపణ పుట్టినప్పుడు పాత జవాబుతో సరిపెట్టకూడదు కదా! ముద్ర ఉన్న ఉత్తరం గురించి సూటిగా అడిగితే, ఏదీ తన దృష్టికి రాలేదన్న పెద్దమనిషి ఈసారి 'ఉత్తరం వచ్చింది, అది శాఖ అంతర్గత విషయం' అని రాశాడు. ఆ ఒక్క వాక్యం విలువ మిగతా పెట్టెంత. ఇక అల్లుడి సంగతి చూస్తే, తండ్రి పేరు వేరు, పుట్టిన ఏడాది వేరు. మనిషే వేరు. ఆ భాగం మొత్తం పోయింది.

"అదే కదన్నయ్యా అసలు కారం" అని తోడల్లుడు చివరిసారి నిట్టూర్చాడు.

"కంట్లో పడితే తెలుస్తుంది కారం."

ఇక కథనాన్ని కొత్తగా కట్టాలి. అది కత్తెర పని. అక్కడే అతనికి నరకం మొదలైంది. ఎందుకంటే ఎలా కట్టాలో అతనికి కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది. మొదట, ఆసుపత్రి మంచం మీద ఉన్న మనిషి సంతకంతో ఒక లిఫ్టుకు ధ్రువపత్రం. ఆ లిఫ్టులో పడిన ఆవిడ. వెంటనే రెండు వాక్యాల్లో మొత్తం సంగతి, మనకు తెలిసింది ఇదీ, తెలియంది ఇదీ అని. ఆ తర్వాత కాలక్రమం, ఒక్కో మెట్టు కింద ఒక్కో కాగితం. ఎవరి మీద మాట పడితే వాళ్ళ జవాబు ఆ మాట పక్కనే ఉంటుంది గానీ, చివర్లో చిల్లరలా పోసినట్టు కాదు. కంపెనీ ఉత్తరంలో సారమేదో అది వాళ్ళు ఒప్పుకునేలా వార్తలోకి, ఉత్తరం మొత్తం వెబ్‌సైటులోకి. ఆ దొంగ సంతకాలు ఎవరు పెట్టారో మాకు తెలియదని ఒప్పుకునే వాక్యం ఒకటి, దాచకుండా, పైనే.

కడుతున్నకొద్దీ అది అద్భుతంగా తయారైంది. తన చేతులతో తనే తోడల్లుడికి కిరీటం చెక్కుతున్నాడు. ఒక పేరా కావాలని మొద్దుగా వదిలేసి చూశాడు. టీ తాగొచ్చి దాన్నీ బాగుచేశాడు. వల్ల కాలేదు.

అచ్చుకు వెళ్ళేముందు తోడల్లుడు ఎడిటరు ఎదురుగానే అన్నాడు. "అన్నయ్య పేరు కూడా వెయ్యండి మేడమ్. ముందు ఆయనది వెయ్యండి."

ఎడిటరు కత్తెర వైపు చూసింది. ఆ చూపులో సరేనన్న మాట ఉంది. ఇన్నేళ్ళ ఆకలి, వడ్డించిన విస్తరి. కానీ వడ్డించింది ఎవరు? తోడల్లుడు!

"అక్కర్లేదు. డెస్కువాళ్ళకి పేర్లెందుకు?" అన్నాడు కత్తెర గంభీరంగా. బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాక, తన నాలుకను తనే కొరికి పారెయ్యాలనిపించింది.

కథనం ఊరిని కుదిపేసింది. పెద్దాఫీసరును పక్కన పెట్టి విచారణ మొదలుపెట్టారు. లిఫ్టులన్నీ మళ్ళీ పరీక్షించారు. చాలా భవనాల్లో జనం కొన్నాళ్ళు మెట్లెక్కి తిట్టుకున్నారు. కంపెనీ నుంచి లాయరు నోటీసు వచ్చింది. లాయరు, కత్తెర ఆ పెద్ద కాగితం పక్కన పెట్టుకుని వాక్యం వాక్యానికి జవాబు రాశారు. ఒక్క అక్షరం సవరించుకోవలసిన అవసరం రాలేదు. చేతికర్రాయన ఫోను చేసి కృతజ్ఞతలు చెప్పాడు, తోడల్లుడికి. అత్తగారు ఆ రెండు పేజీలూ అంటించడానికి పుస్తకం చాలక కొత్తది కొనిపించింది. బహుమతి వచ్చింది. ఫోటో మారింది గానీ గడ్డం అదే.

ఆ రాత్రి భోజనం దగ్గర కత్తెర భార్యతో, "అంతా వాడిదే అనుకుంటోంది లోకం" అన్నాడు.

"మీ పేరు వేస్తామంటే వద్దన్నారటగా! చెల్లెలు చెప్పింది" అంది ఆవిడ. "మీ కుళ్ళుతో మీరే కడుపు నింపుకుంటే, ఇక నేను వడ్డించేదేముంది?" అని మళ్ళీ ఒక గరిటె అన్నం వేసింది.

కొన్నాళ్ళకు కొత్తగా చేరిన విలేఖరులకు పాఠం చెప్పమని తోడల్లుడిని అడిగారు. పత్రాల మీద ఆధారపడే కథనాన్ని ఎలా నిర్మించాలి అన్నది విషయం. కత్తెరను కూడా రమ్మన్నారు, ఊరికే కూర్చోడానికి. అతను వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తోడల్లుడు బాగానే చెబుతున్నాడు. నవ్విస్తున్నాడు కూడా. అమ్మాయిలు, అబ్బాయిలు పుస్తకాల్లో రాసుకుంటున్నారు. కత్తెర చేతులు ఇంకా గట్టిగా కట్టుకున్నాడు.

ఒకమ్మాయి లేచి అడిగింది. "సార్, మనం ప్రశ్నలు పంపినా వాళ్ళు జవాబివ్వకపోతే?"

"ఏముంది? జవాబివ్వడానికి నిరాకరించారు అని రాసేస్తాం" అన్నాడు తోడల్లుడు.

"తప్పు!"

అందరూ వెనక్కి తిరిగారు. కత్తెర ఎప్పుడు లేచి నిలబడ్డాడో అతనికే తెలియదు. "నిరాకరించడం వేరు, జవాబు రాకపోవడం వేరు. ఇవ్వనని ఆయన అంటే నిరాకరించాడు. ఏమీ అనకపోతే, ఫలానా తేదీన, ఫలానా విధంగా అడిగాం, అచ్చయ్యే వేళకి జవాబు రాలేదు అని రాయాలి. అసలు ఆయనకి అందిందో లేదో ముందు తేల్చుకోవాలి. నాలుగు ప్రశ్నల్లో రెండింటికే చెబితే, దేనికి చెప్పలేదో అది రాయాలి. అచ్చయ్యాక జవాబొచ్చినా చేర్చాలి..."

మాట్లాడుతూ మాట్లాడుతూ బల్లల మధ్య నుంచి ముందుకొచ్చేశాడు. సుద్దముక్క తీసుకున్నాడు. ఆ అమ్మాయి ఇంకో ప్రశ్న అడిగింది, ఇంకో అబ్బాయి ఇంకోటి అడిగాడు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ఎప్పుడో ఒకసారి ఇటు తిరిగి చూస్తే, తను ఖాళీ చేసిన వెనక కుర్చీలో తోడల్లుడు కూర్చుని, ఎవరి దగ్గరో కలం అడిగి తీసుకుని రాసుకుంటున్నాడు. వాడు నవ్వుతున్నాడేమోనన్న అనుమానంతో కత్తెర రెండోసారి అటు చూడలేదు.